సన్మానం ఎవరికి?

(హైదరాబాద్ స్టూడియో నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం. అతిథి ఇరవై రెండేళ్లు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపి, ఇప్పుడు ఆఫీసు మెయిళ్లు, చాట్ మెసేజ్‌ల రాతలో ఉద్యోగులకు శిక్షణ ఇస్తున్నారు.)

యాంకర్: నమస్కారం. ముఖం కదలకుండా జోకు వేసేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. ఎదురుగా ఉంటే అందరూ నవ్వుతారు. అదే మాట చాట్‌లో పెడితే గొడవ. ఈ రోజు దాని గురించే. మొదటి కాల్ కొండాపూర్ నుంచి. చెప్పండమ్మా.

కొండాపూర్ శ్రోత: నమస్తే అండి. మేడమ్, నేనొక టీమ్‌కి లీడ్‌ని. మా గ్రూప్‌లో పది మందిమి. పోయిన శుక్రవారం సాయంత్రం కొత్త వెర్షన్ లైవ్‌లో పెట్టాం. ఆరూ నలభైకి సైట్ పడిపోయింది. చేరి మూడు వారాలైన అబ్బాయి ఒకడున్నాడు, 'నేను మార్చిన ఫైల్ వల్లే అనుకుంటా' అని గ్రూప్‌లో పెట్టాడు. దాని కింద నేను రాశాను: 'శుక్రవారం సాయంత్రం డిప్లాయ్‌మెంట్. అద్భుతమైన ఐడియా. ఎవరిదో గానీ వాళ్లకి శాలువా కప్పి సన్మానం చేయాలి.'

యాంకర్: (నవ్వు) ఐడియా ఎవరిదమ్మా?

కొండాపూర్ శ్రోత: నాదేనండి! నా మీద నేనే వేసుకున్న జోకు అది. సోమవారం అబ్బాయి రాలేదు. మా మేనేజర్‌కి మెయిల్ పెట్టాడట, అందరి ముందూ వెటకారం చేశారని. ఇప్పుడు హెచ్ఆర్ వాళ్లు పిలుస్తున్నారు. నాకు ఒకటే టెన్షన్. నేనేం తప్పు మాటన్నానో చెప్పండి మేడమ్.

అతిథి: మాటలో తప్పు లేదమ్మా. శుక్రవారం అని నిర్ణయించింది మీరేనని ఆ పది మందిలో ఎంతమందికి తెలుసు?

కొండాపూర్ శ్రోత: నాకు, మా మేనేజర్‌కి.

అతిథి: అంటే అది జోకుగా ఉన్నది మీ ఇద్దరికే. మిగతా ఎనిమిది మందికి పైన కనిపిస్తున్నది ఆ అబ్బాయి మెసేజ్. 'నా వల్లే' అని ఒకరు ఒప్పుకున్న వెంటనే 'ఎవరిదో గానీ సన్మానం చేయాలి' అని వస్తే, ఎవరనుకుంటారు? చాట్‌లో పై మాటే కింది మాటకు అర్థం ఇస్తుంది. ఇంకొకటి అడుగుతాను. ఎవరైనా నవ్వు బొమ్మ పెట్టారా?

కొండాపూర్ శ్రోత: ఇద్దరు పెట్టారు మేడమ్. అందుకే జోకు అందిందనుకున్నాను.

అతిథి: మీకు అది ధైర్యం ఇచ్చింది. ఆ అబ్బాయికేమో తన మీద ముగ్గురు నవ్వుతున్నారని రుజువైంది. మిగతావాళ్లు మాట్లాడకపోవడం కూడా ఒప్పుకోవడంలానే కనిపించి ఉంటుంది. ఎదురుగా ఉంటే మీరు తల పట్టుకుని, మీ వైపు వేలు చూపించుకుని అనేవారు. ఆ వేలు చాట్‌లోకి రాలేదు.

యాంకర్: మేడమ్, పంపే ముందు మనం మళ్లీ చదువుకుంటాం కదా. అప్పుడెందుకు తెలియదు?

అతిథి: ఎందుకో చూపిస్తాను. ఒక పాట మనసులో పెట్టుకోండి. పేరు చెప్పకుండా బల్ల మీద దరువు వేయండి, నేను కనిపెడతాను.

(బల్ల మీద దరువు)

అతిథి: మంగళ హారతి?

యాంకర్: అయ్యో, జాతీయ గీతం మేడమ్! అంత స్పష్టంగా వేశాను.

అతిథి: మీ తలలో పాట నడుస్తోంది కాబట్టి స్పష్టం. నాకు వినిపించింది బల్ల చప్పుడే. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని తన డాక్టరేట్ కోసం ఇదే చేయించింది. 120 పాటలు దరువేస్తే విన్నవాళ్లు కనిపెట్టింది మూడే. వేసినవాళ్లు మాత్రం సగం దాకా కనిపెడతారనుకున్నారు. మెసేజ్ మళ్లీ చదువుకున్నప్పుడూ మీ గొంతు మీకు లోపల వినిపిస్తూనే ఉంటుంది. అందుకని ఎన్నిసార్లు చదివినా తేడా దొరకదు. కావాలంటే వార్తలు చదివే గొంతుతో పైకి చదవండి. అప్పుడు కొంచెం బయటపడుతుంది.

యాంకర్: మెయిళ్ల మీదే ఎవరైనా పరీక్ష చేశారా?

అతిథి: చేశారు. 2005లో క్రూగర్, ఎప్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఇంకో ఇద్దరు కలిసి అచ్చు వేశారు. కొన్ని మాటలు నిజంగా, కొన్ని వెటకారంగా, కొందరు మెయిల్‌లో, కొందరు గొంతుతో పంపాలి. అవతలివాళ్లు ఏది ఏదో చెప్పాలి. ఎలా పంపినా నూటికి దాదాపు 78 పట్టుకుంటారని పంపినవాళ్ల లెక్క. గొంతు విన్నవాళ్లు 73 దాకా పట్టుకున్నారు. మెయిల్ చదివినవాళ్లు 56. ఉన్నవి రెండే జవాబులు కాబట్టి బొమ్మా బొరుసా వేసినా 50 వస్తాయి. మన తెలుగులో ఇంకో చిక్కుంది. మనం వెటకారాన్ని పొగడ్త మాటలతోనే చేస్తాం. మహానుభావుడు, పుణ్యాత్ముడు, దండం పెట్టాలి, సన్మానం చేయాలి. 'బాగానే చేశావు' అన్నది మెచ్చుకోలా దెప్పా? ఆ 'నే' దగ్గర గొంతు ఎంత సాగిందో వింటే గానీ తెలియదు. ఇంటి నుంచి తెచ్చుకున్న అలవాటిది. మా అత్తగారు 'అబ్బో' అంటే ఏ అబ్బోనో పక్క గదిలోంచి కూడా తెలిసేది. రాసి పంపితే తెలిసేది కాదు.

కొండాపూర్ శ్రోత: 'జోక్ చేశాను, సీరియస్‌గా తీసుకోకు' అని ఆ అబ్బాయికి మెసేజ్ పెట్టాను మేడమ్. చూశాడు, జవాబు లేదు.

అతిథి: ఆ మాటలో తప్పు ఎవరిదైంది? అర్థం చేసుకోలేని వాడిదైంది. నొచ్చుకున్నవాడిని ఇంకోసారి తక్కువ చేసినట్టే. ముందు ఫోన్ చేయండి. గొంతు వల్ల వచ్చిన చిక్కును గొంతుతోనే తీర్చాలి. 'ఆ నిర్ణయం నాది. నా మీద నేను వేసుకున్నాను. నువ్వు రాసిన దాని కింద పెట్టడం నా తప్పు' అనండి. అక్కడితో ఆపి, అతను ఏమంటాడో వినండి. తర్వాత అదే గ్రూప్‌లో రాయండి. అందరూ చూస్తుండగా తగిలిన దెబ్బకు విడిగా మందు రాస్తే సరిపోదు. ఏం రాస్తారో చెప్పండి చూద్దాం.

కొండాపూర్ శ్రోత: 'శుక్రవారం మెసేజ్‌కి సారీ. ఎవరినీ ఉద్దేశించి కాదు'...

అతిథి: 'ఎవరినీ' అంటే మళ్లీ ఎవరో ఉన్నట్టే ఉంటుంది. పేరు పెట్టండి, మీ పేరే. 'శుక్రవారం సాయంత్రం డిప్లాయ్‌మెంట్ పెట్టించింది నేను. నేను అడిగిన సన్మానం నాకే. ఫైల్ సంగతి దాచకుండా వెంటనే చెప్పినందుకు తనకి థాంక్స్, లేకపోతే ఇంకా ఆలస్యమయ్యేది.' జోకు ఎక్కడికీ పోలేదు, చూడండి. 'ఎవరిదో గానీ' బదులు 'నాకే' వచ్చింది, అంతే. మొదటి రోజే అలా రాసి ఉంటే అబ్బాయి కూడా నవ్వేవాడు. హెచ్ఆర్ దగ్గర కూడా ఈ మాటే చెప్పండి. నా జోకులు ఇలాగే ఉంటాయని మాత్రం అనకండి.

కొండాపూర్ శ్రోత: లైన్‌లోంచి దిగగానే చేస్తాను మేడమ్.

యాంకర్: తర్వాత దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పెద్దాయన. చెప్పండి బాబాయ్.

దిల్‌సుఖ్‌నగర్ శ్రోత: నాకు యాభై ఆరేళ్లమ్మా. అకౌంట్స్ సెక్షన్. పిల్లలు ఏదైనా అడిగితే 'సరే.' అని పెడతాను. కోపంగా ఉన్నారా సార్ అని క్యాబిన్‌కి వస్తున్నారు. వాక్యం చివర చుక్క పెట్టమని మా మాస్టారు బెత్తంతో నేర్పారు. ఇప్పుడు మానేయాలా?

అతిథి: మీ మాస్టారు నేర్పింది తప్పు కాదండీ. కానీ చాట్‌లో మెసేజ్ పంపితే అదే ముగింపు, చుక్కతో పనిలేదు. పనిలేని చోట పెట్టేసరికి దానికి వేరే అర్థం వెతుకుతారు. అమెరికాలో బింగ్‌హామ్‌టన్ యూనివర్సిటీ వాళ్లు 126 మంది విద్యార్థులకు ఇలాంటి ఒక్కమాట జవాబులు చూపించారు. చుక్క ఉన్న మెసేజ్‌లో మనస్ఫూర్తి తక్కువగా ఉందన్నారు వాళ్లు. అవే చేతిరాత చీటీ మీద చూపిస్తే తేడా కనిపించలేదు. మెయిల్‌లో చుక్క ఉంచండి. చాట్‌లో 'సరేనమ్మా, చూస్తాను' అనండి. 'అమ్మా' అన్నాక చుక్క ఉన్నా ఎవరూ భయపడరు.

దిల్‌సుఖ్‌నగర్ శ్రోత: సరే చుక్క. (నవ్వు)

యాంకర్: ఉప్పల్ నుంచి ఇంకొకరు. చెప్పన్నా.

ఉప్పల్ శ్రోత: నమస్తే మేడమ్. ప్రతి జోకుకీ నవ్వు బొమ్మ పెడితే సరిపోదా? కానీ అది పెడితే జోకులో మజా పోతది మేడమ్. నవ్వకుండా అంటేనే కదా మజా.

అతిథి: మజా పోతుంది, నిజమే. ఆ బొమ్మ పుట్టింది కూడా ఇలాంటి గొడవలోనే. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో లిఫ్ట్ తెగి పడితే అందులో పాదరసం, కొవ్వొత్తి ఏమవుతాయని కంప్యూటర్‌లో సరదా చర్చ నడిచింది. ఒకరు లిఫ్ట్‌లో పాదరసం ఒలికిందని హెచ్చరికలా రాశారు. మధ్యలో చదివినవాళ్లు నిజమే అనుకున్నారు. సెప్టెంబర్ 19న స్కాట్ ఫాల్మన్ అనే ఆయన, జోకుకి :-) అని గుర్తు పెట్టుకుందామన్నాడు. వెంటనే, ఇక్కడ జోకులే ఎక్కువ కాబట్టి జోకు కానివాటికి :-( పెడితే ఖర్చు తక్కువ అని కూడా అన్నాడు. అదీ ముఖం కదలకుండానే.

ఉప్పల్ శ్రోత: అయితే పెట్టొచ్చా, వద్దా?

అతిథి: సమానంగా ఉన్నవాళ్ల మధ్య, పని సాఫీగా నడుస్తున్నప్పుడు పెట్టండి. కింద పనిచేసేవాళ్లకి పంపేటప్పుడు అది కాపాడదు. 'రిపోర్ట్ ఈ జన్మలో వస్తుందా' అని రాసి నవ్వు బొమ్మ పెడితే, అందుకున్నవాడికి ఫిర్యాదూ అందుతుంది, నవ్వాల్సిన బాధ్యతా అందుతుంది. తిరిగి ఒక మాట అనడానికి కూడా ఉండదు. 'రిపోర్ట్ గురువారం లోపు కావాలి' అని రాయండి. జోకు క్యాంటీన్‌లో చాయ్ దగ్గర వేయండి. అక్కడ మీ ముఖం కూడా ఉంటుంది.

ఉప్పల్ శ్రోత: క్లయింట్‌కి మెయిల్ రాసేటప్పుడు?

అతిథి: మీ గొంతు ఒక్కసారి కూడా వినని మనిషికి వెటకారం పంపకండి. గుర్తు తెచ్చుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

యాంకర్: సమయం అయిపోయింది. చివరిగా మన వాట్సాప్‌కి వచ్చిన మెసేజ్ ఒకటి. 'అద్భుతమైన కార్యక్రమం. ఇలాంటివి రోజూ పెట్టండి.' మేడమ్, ఇది పొగడ్తేనంటారా?

అతిథి: చివర చుక్క ఉందా?

యాంకర్: రెండు ఉన్నాయి మేడమ్.

అతిథి: నంబర్ కనిపిస్తోంది కదా, చేయండి.

యాంకర్: రింగవుతోంది...