తేలికైన బరువే కిందికి దిగింది: రెండు మెట్ల కప్పి లెక్క

నమస్తే. ముందు ఇది చూడండి. మారతహళ్లిలో మా ఇంటి బాల్కనీ గ్రిల్‌కి కప్పి కట్టాను. పెద్ద డబ్బా మూతకి చిన్న డబ్బా మూత అంటించి, మధ్యలో మేకు దూర్చాను. రెండూ కలిసే తిరుగుతాయి. పెద్దదాని వ్యాసార్థం చిన్నదానికి రెట్టింపు. చిన్న మూతకి చుట్టిన తాడుకి కుడివైపు లీటరు నీళ్ల సీసా ఉంది. పెద్ద మూత తాడుకి ఎడమవైపు ముప్పావు లీటరుదే. కింద వాటర్ ట్యాంకర్ మోటారు మోగుతోంది, పట్టించుకోకండి. చెయ్యి వదులుతున్నా... తేలికైనదే దిగింది!

ఎటు తిరుగుతుందో చెప్పేది బరువు ఒక్కటే కాదు, బరువుని వ్యాసార్థంతో గుణిస్తే వచ్చేది. అంటే టార్క్.

ఇప్పుడు బోర్డు మీద లెక్క. పెద్ద వ్యాసార్థం 0.2 మీటర్లు, దానికి 3 కిలోలు. చిన్నది 0.1 మీటరు, దానికి 5 కిలోలు. కప్పి జడత్వ భ్రామకం, అదే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా, 0.03 kg·m². g విలువ 10 అనుకుందాం. పెద్ద వైపు 30 × 0.2 = 6, చిన్న వైపు 50 × 0.1 = 5. కాబట్టి 3 కిలోలదే దిగుతుంది.

ఎంత వేగంగా? ఇక్కడే చాలామంది తేడా 1 ని 0.03 తో భాగించి, కోణీయ త్వరణం 33 అని రాసేస్తారు. తిరిగేది కప్పి ఒక్కటే అయితే అది సరిపోయేది. దానితోపాటు రెండు బరువులూ కదలాలి కదా! కప్పిని లాగేది తాడులోని టెన్షన్, mg కాదు. దిగే వైపు టెన్షన్ mg కన్నా తక్కువ, ఎక్కే వైపు ఎక్కువ. మూడు సమీకరణాలు రాద్దాం:

```
30 - T1 = 3(0.2α)
T2 - 50 = 5(0.1α)
0.2·T1 - 0.1·T2 = 0.03α
```

మొదటిదాన్ని 0.2 తో, రెండోదాన్ని 0.1 తో గుణించి మూడూ కలపండి. టెన్షన్లు కొట్టుకుపోతాయి:

```
6 - 5 = (0.12 + 0.05 + 0.03)α
α = 5 rad/s²
```

రెండు బరువులకీ త్వరణం ఒకటే అని మాత్రం రాయకండి. α ఒకటే, వ్యాసార్థాలు వేరు. 3 కిలోలది 1 m/s² తో దిగుతుంది, 5 కిలోలది 0.5 తో ఎక్కుతుంది. T1 = 27, T2 = 52.5 న్యూటన్లు. సరిచూద్దాం: 5.4 − 5.25 = 0.15, అటు 0.03 × 5 కూడా 0.15.

దిశ తప్పుగా ఊహించినా భయం లేదు, α మైనస్ 5 వస్తుంది, అంతే. ఇరుసు దగ్గర రాపిడి ఉంటే మాత్రం అలా కుదరదు. రాపిడి ఎప్పుడూ కదలికకి ఎదురే కాబట్టి, దిశ మార్చుకుని మళ్లీ మొదటినుంచి రాయాలి.

ఆ రాపిడి మన కప్పిలోనూ ఉంది. ఎడమ సీసాలో నీళ్లు కొంచెం కొంచెంగా తులసి కుండీలో పోస్తున్నా. లెక్క ప్రకారం సరిగ్గా అర లీటరు దగ్గర నిలబడాలి. ఇదిగో, అర లీటరు కన్నా కాస్త ఎక్కువ ఉండగానే ఆగిపోయింది. మిగతాది మేకు పట్టుకుంది.