ఆఫర్ లెటర్‌లో కనిపించని లైను

అందరికీ నమస్కారం. నన్ను పిలిచిన ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గారికి థాంక్స్. జీతం ఎలా బేరమాడాలో చెప్పమన్నారు. ముందు మా నాన్న సంగతి చెప్పనివ్వండి.

అప్పట్లో నాకు రెండు ఆఫర్లు వచ్చాయి, రెండూ హైటెక్ సిటీలోనే. ఒకదాంట్లో నెలకు 4,000 ఎక్కువ. తల్లిదండ్రులకు ఇన్సూరెన్స్ ఉందని రెండు చోట్లా అన్నారు, ఇంకేం చూడాలి అనుకుని ఎక్కువ జీతం వైపు వెళ్లిపోయాను. ఏడాది తిరక్కుండానే నాన్న బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. కూకట్‌పల్లిలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. కవర్ 3 లక్షలుంది కదా అని రోజుకు 6,000 రూపాయల సింగిల్ రూమ్ తీసుకున్నాను, అమ్మ పక్కనే పడుకోవాలి మరి. ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఎవరూ వద్దనలేదు. నాకు ఇప్పటికీ బాధ అదే.

అయిదు రోజులకు బిల్లు 2,60,000 అయింది. ఇన్సూరెన్స్ ఇచ్చింది 1,48,000.

ఎందుకో వినండి. మా పాలసీలో రూమ్ అద్దె పరిమితి కవర్‌లో 1 శాతం, అంటే రోజుకు 3,000. మిగతా 3,000 మనమే కట్టుకుంటే సరిపోతుందనుకుంటాం. సరిపోదు! ఆసుపత్రిలో సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఛార్జీలు రూమ్‌ను బట్టి పెరుగుతాయి కాబట్టి, అద్దెలో సగమే అర్హత ఉంటే వాటిలోనూ సగమే ఇస్తారు. రూమ్ 30,000లో 15,000 వచ్చింది, ఫీజులు 1,20,000లో 60,000 వచ్చాయి. మందులు, ఇంప్లాంట్ 1,10,000 మాత్రం కోత లేకుండా లెక్కలోకి తీసుకున్నారు. మొత్తం 1,85,000. అందులో తల్లిదండ్రులకు 20 శాతం కో-పే ఉందట, అంటే ఆ వాటా మనమే కట్టుకోవాలి, ఇంకో 37,000 పోయింది. నేను కట్టింది 1,12,000. ఏడాదంతా ఎక్కువొచ్చిన జీతం, పన్ను పోకముందే, 48,000!

రెండో కంపెనీలో చేరిన ఫ్రెండ్ పాలసీ తర్వాత చూశాను. సింగిల్ రూమ్‌కు పరిమితి లేదు, కో-పే లేదు. గ్లౌజుల్లాంటి చిల్లర ఖర్చులు పోగా దాదాపు అంతా వచ్చేది.

సెలవుల సంగతీ అంతే. సిక్ లీవ్ నా జబ్బుకేగానీ నాన్న జబ్బుకు కాదన్నారు, క్యాజువల్ లీవులు మూడే మిగిలాయి, ఆసుపత్రిలోనూ ఇంట్లోనూ కలిపి తొమ్మిది రోజులుంటే ఆరు రోజుల జీతం కోశారు.

మీలో ఆఫర్ వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. పాలసీ షరతుల కాగితం అడిగినవాళ్లు? చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు. ఈ రాత్రే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి, తమ్ముళ్లూ చెల్లెళ్లూ. రూమ్ అద్దె పరిమితి ఎంత, తల్లిదండ్రులకు కో-పే ఎంత, వాళ్ల ప్రీమియం కంపెనీ కడుతుందా నా జీతంలోంచి కోస్తుందా, ఇంట్లోవాళ్ల జబ్బుకు ఏ సెలవు వాడుకోవచ్చు అని అడగండి. "అన్నీ ఉన్నాయి" అని ఫోన్‌లో చెబితే ఆగకండి, కాగితం పంపమనండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, నేను చెప్పిన బిల్లునే రెండింట్లోనూ లెక్కగట్టి చూడండి.

జీతం బేరం గురించి చెప్పడానికి ఇక టైమ్ లేదు. కాగితాలు దగ్గరున్నవాళ్లు ముందుకు రండి, కూర్చుని చూద్దాం.