నెలనెలా ఐదు వేలు: సిప్‌లో సగటు ధర ఎలా తగ్గుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

అందరికీ నమస్కారం.

"మార్కెట్ పడినా భయం లేదండీ, సిప్‌లో సగటు కలిసొస్తుంది" అన్న మాట మీరంతా వినే ఉంటారు. ఆ మాట నిజమే, కానీ సగమే నిజం. సిప్ అంటే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా ఒకే మొత్తం కట్టే పద్ధతి. సగటు ఎలా కలిసొస్తుందో, ఎప్పుడు కలిసిరాదో ఈరోజు లెక్క వేసి చూద్దాం.

బండికి పెట్రోలు కొట్టించేటప్పుడు మనలో చాలామంది లీటర్లు చెప్పరు. "రెండొందలకి కొట్టు" అంటారు. రేటు తగ్గినరోజు కాస్త ఎక్కువ పడుతుంది, పెరిగినరోజు తక్కువ పడుతుంది. సిప్ కూడా అంతే. మనం కట్టే డబ్బు మారదు, వచ్చే యూనిట్లు, అంటే ఫండ్‌లో మన వాటాలు, మారతాయి. యూనిట్ ధరను ఎన్‌ఏవీ అంటారు. రోజూ మార్కెట్ మూసేశాక ఫండ్ దగ్గరున్న షేర్ల విలువ కట్టి, ఖర్చులు తీసేసి, మొత్తం యూనిట్లతో భాగిస్తే వచ్చే ధర అది. మన డబ్బు ఫండ్ ఖాతాలో పడిన రోజు ధరకే యూనిట్లు ఇస్తారు.

ఇప్పుడు 2020 సంవత్సరానికి వెళ్దాం. కరోనా వచ్చిన ఏడాది. జనవరి చివర షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ దాదాపు 12,000 దగ్గర ఉంది. మార్చి 23న ఒక్కరోజే 13 శాతం పడి 7,610 దగ్గర ముగిసింది. లెక్క సులువుగా ఉండటానికి నిఫ్టీతో పాటే కదిలే, నిఫ్టీలో నూరో వంతు ధర ఉన్న ఒక ఇండెక్స్ ఫండ్ ఉందనుకుందాం. ఖర్చులు, డివిడెండ్లు పక్కన పెడదాం. నెలాఖరున ఐదు వేల చొప్పున కట్టారు. ఆ ఆరు నెలలూ నెలాఖరు ధరలు, రూపాయికి సరిచేస్తే, ఇలా ఉన్నాయి: జనవరి 120, ఫిబ్రవరి 112, మార్చి 86, ఏప్రిల్ 99, మే 96, జూన్ 103.

జనవరిలో ఐదు వేలకు 41.67 యూనిట్లు వచ్చాయి. ఫిబ్రవరిలో 44.64. మార్చిలో అదే ఐదు వేలకు 58.14. ఏప్రిల్‌లో 50.51, మేలో 52.08, జూన్‌లో 48.54. మొత్తం కట్టింది 30 వేలు, చేతికొచ్చినవి 295.58 యూనిట్లు. భాగించి చూడండి, ఒక్కో యూనిట్ మనకు పడింది 101 రూపాయల 50 పైసలకు. ఆ ఆరు ధరల మామూలు సగటు మాత్రం 102 రూపాయల 67 పైసలు.

ఈ తేడా అదృష్టం వల్ల వచ్చింది కాదు. ధర తక్కువున్న నెలలో ఎక్కువ యూనిట్లు కొన్నాం కాబట్టి మన సగటు తక్కువ ధరల వైపు ఒరుగుతుంది. ధరల్లో హెచ్చుతగ్గులు ఉంటే చాలు, ఇది ప్రతిసారీ జరుగుతుంది. అయితే గమనించండి, ఆ తేడా రూపాయి పదిహేడు పైసలే. అంత పెద్ద ఒడిదుడుకుల ఏడాదిలో కూడా ఇంతే. అసలు లాభం వేరేచోట ఉంది. జూన్ చివర మార్కెట్ ఇంకా జనవరి కంటే 14 శాతం కిందే ఉంది. జనవరిలోనే 30 వేలూ ఒకేసారి పెట్టినవాళ్ళకు 250 యూనిట్లు వచ్చాయి, జూన్‌లో వాటి విలువ 25,750. సిప్ కట్టినవాళ్ళ యూనిట్ల విలువ 30,445. అంటే మన డబ్బు మనకు రావడానికి మార్కెట్ తిరిగి 120కి ఎక్కనక్కర్లేదు, 101.50 దాటితే సరిపోయింది. సగటు చేసే పని ఇదే, అసలు తిరిగొచ్చే గీతను కిందికి జరుపుతుంది.

మరి ఆ గీతను జరిపింది ఎవరు? మార్చి, ఏప్రిల్, మే వాయిదాలు. టెన్షన్ పడి ఫిబ్రవరి తర్వాత ఆపేసి, జూన్‌లో కాస్త కోలుకుందని మళ్ళీ మొదలుపెట్టిన మనిషి లెక్క చూడండి. కట్టింది 15 వేలు, యూనిట్లు 134.85, సగటు ధర 111 దాటింది. జూన్ చివర విలువ 13,890. ఫండ్ అదే, మార్కెట్ అదే, ఈయనకు మాత్రం నష్టం. ఈయన వదిలేసిన మూడు వాయిదాలకు కట్టాల్సిన 15 వేలు జూన్‌కల్లా 16,555 అయ్యేవి. కావాలని ఆపకపోయినా ఖాతాలో బ్యాలెన్స్ లేక వాయిదా తప్పితే ఫలితం ఇదే. పైగా బ్యాంకు చార్జీ వేస్తుంది, వరుసగా మూడు నెలలు తప్పితే సిప్ రద్దవుతుంది. అందుకే జీతం పడిన రెండు మూడు రోజులకు వాయిదా తేదీ పెట్టుకోండి.

ఇక సగటు పనిచేయని చోట్లు. ధరలు 100, 110, 120 అని పెరుగుతూ పోతే, ఐదు వేల చొప్పున మూడుసార్లు కొన్నవాళ్ళ సగటు 109 పైన పడుతుంది. డబ్బు చేతిలో ఉండి మొదటిరోజే మొత్తం పెట్టినవాళ్ళకు 100కే వస్తుంది. జీతం నుంచి నెలనెలా తీసి పెట్టేవాళ్ళకు ఈ ఎంపిక ఎలాగూ లేదు. మరోవైపు, ధర పడి పడినట్టే ఉండిపోతే సగటు ఎంత తగ్గినా లాభం రాదు. ఒకే రంగం షేర్లు కొనే ఫండ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. పడిన రంగం లేస్తుందన్న హామీ సగటు ఇవ్వలేదు.

వీటికంటే ముఖ్యమైనది, ఎవరూ చెప్పనిది ఇంకొకటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ సగటుకు బలం తగ్గిపోతుంది. పదేళ్ళు ఐదు వేల చొప్పున కట్టారనుకోండి, ఆరు లక్షలు. సగటు ధర 150, చేతిలో 4,000 యూనిట్లు, ఇప్పటి ధర 250, విలువ పది లక్షలు. మార్కెట్ 30 శాతం పడి ధర 175కి వచ్చింది. మీ పది లక్షలు ఏడు లక్షలైంది. ఆ నెల వాయిదాకు వచ్చేవి 28 యూనిట్ల పైచిలుకు. సగటు ఎంత తగ్గింది? తగ్గలేదు, 150 రూపాయల 18 పైసలకు పెరిగింది! పడిపోయిన ధర కూడా మీ పాత సగటు కంటే ఎక్కువే కదా. మూడు లక్షల తరుగు ముందు ఐదు వేల వాయిదా ఏమీ చేయలేదు. కాబట్టి అమ్మాయి చదువుకో ఇంటికో డబ్బు కావాల్సిన గడువు దగ్గరపడుతుంటే "సిప్ ఉందిగా, సగటు చూసుకుంటుంది" అని ధీమాగా ఉండకండి. రెండు మూడేళ్ళ ముందు నుంచే కొంచెం కొంచెంగా, షేర్లు కాకుండా బాండ్లు కొనే డెట్ ఫండ్‌కో ఫిక్స్‌డ్ డిపాజిట్‌కో మార్చుకోండి.

మార్చేటప్పుడు ఒక మెలిక ఉంది. నెలకు ఇంత డబ్బు అని తీస్తే ఇదే లెక్క తిరగబడుతుంది. ధర 120 ఉన్నప్పుడు ఐదు వేల కోసం దాదాపు 42 యూనిట్లు అమ్మితే చాలు, 86 ఉన్నప్పుడు 58 అమ్మాలి. చౌకగా ఉన్నప్పుడే ఎక్కువ అమ్ముకుంటాం. నెలకు ఇన్ని యూనిట్లు అని అమ్మితే ధరల మామూలు సగటు మనకు దక్కుతుంది. అమ్మే ఫారంలో మొత్తం రాసే గడి పక్కనే యూనిట్లు రాసే గడి కూడా ఉంటుంది, అక్కడ నింపండి.

రేపు మీ స్టేట్‌మెంట్ తీసి చూడండి. ఐదు వేల వాయిదా ఎదురుగా 4,999.75 అని ఉంటుంది. ఆ పావలా స్టాంప్ డ్యూటీ, 2020 జూలై నుంచి పడుతోంది. దాని పక్కన ఎన్‌ఏవీ, ఆ పక్కన మూడు దశాంశాల దాకా యూనిట్లు. కట్టిన మొత్తాన్ని మొత్తం యూనిట్లతో భాగించి, వచ్చిన సగటును నేటి ఎన్‌ఏవీ పక్కన రాసుకోండి. మీ సగటు నేటి ధరకు ఎంత కింద ఉందో తెలిస్తే, మార్కెట్ పడినప్పుడు కొత్త వాయిదా ఆ సగటును ఇంకా దింపగలదో లేదో మీకే తెలిసిపోతుంది. ఇక ప్రశ్నలు అడగండి.