ఒక్క ప్రశ్నలో రెండు ప్రశ్నలు: మన హోటల్ ఫీడ్‌బ్యాక్ కార్డుల గురించి

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు కాబట్టి నేను నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. నాకిచ్చిన టాపిక్ ఫీడ్‌బ్యాక్ కార్డులో వచ్చే తప్పులన్నీ అని, కానీ ఒక్క తప్పు గురించే చెప్తాను, ఎందుకంటే దాని వల్ల ఒక వంటమాస్టర్ పని పోయింది, అది నాకు ఇప్పటికీ మింగుడుపడట్లేదు.

ఒక చిన్న మీల్స్ హోటల్, పేరు వద్దు. బిల్లుతో పాటు ఒక కార్డు ఇచ్చేవాళ్ళు, అందులో మొదటి ప్రశ్న "భోజనం రుచి, వడ్డన బాగున్నాయా? 1 నుంచి 5 లోపు మార్కు వేయండి". ఎక్కువమంది 3 వేశారు. ఓనర్ గారు చూసి రుచి తగ్గిందని తేల్చేసి మాస్టర్‌ని మాన్పించేశారు, కొత్తాయన వచ్చాడు, చేయి మారింది, మార్కు మాత్రం అదే 3 దగ్గరే ఉంది. అప్పుడు కార్డుల కింద కస్టమర్లు రాసిన మాటలు చదివితే "కూరలు సూపర్, మారు సాంబార్ కోసం చేయి ఎండిపోయింది" అని ఒకటి, "పెరుగు వచ్చేసరికి అన్నం అయిపోయింది" అని ఇంకోటి, ఇంచుమించు అన్నీ మధ్యాహ్నం రష్ టైంలో తిన్నవాళ్ళవే, పాత మాస్టర్ ఉన్నప్పటి కార్డుల్లోనూ ఇవే మాటలు. అంటే లోపం పొయ్యి దగ్గర లేదండీ, హాల్లో ఉంది!

ఎలా జరిగిందో చూడండి. ఒకాయన మనసులో రుచికి 5, వడ్డనకి 1, కార్డులో ఉన్నది ఒకే గడి, కాబట్టి మధ్యలో 3 వేశాడు. పక్క టేబుల్ ఆయనకి రెండూ మామూలుగానే అనిపించాయి, ఆయనా 3 వేశాడు. రెండు 3లూ కాగితం మీద ఒకటే, ఓనర్ చేయాల్సిన పని మాత్రం వేరు. వెయ్యి కార్డులు పోగేసినా ఆ 3ని ఎవరూ విడదీయలేరు, ఎందుకంటే అడిగేటప్పుడే కలిపేశాం. దీన్నే సర్వేల వాళ్ళు డబుల్ బ్యారెల్డ్ ప్రశ్న అంటారు.

పట్టుకోవడం ఎలా? "మరియు", కామా కనిపిస్తే ఆగండి. కానీ మన మాటల్లో "మరియు" ఎక్కడ వాడతామండీ, "రేటూ క్వాంటిటీ ఎలా ఉన్నాయి" అంటాం, "మర్యాదగా, త్వరగా వడ్డించారా" అంటాం, ఆ దీర్ఘంలోనో ఆ రెండు "గా"ల్లోనో రెండో ప్రశ్న దాక్కుని ఉంటుంది. ఇంకా గట్టి పరీక్ష ఒకటుంది: ఈ ప్రశ్నకి ఒక మనిషి సగం అవును, సగం కాదు అనగలడా? మర్యాదగా మాట్లాడుతూనే ఆలస్యంగా తెచ్చే సర్వర్ ఉంటాడా లేడా? ఉంటాడు, కాబట్టి అవి రెండు ప్రశ్నలు. అదే "ఇడ్లీ సాంబార్ నచ్చిందా" అంటే, మీరు రెండూ కలిపి ఒకే ఐటంగా అమ్ముతుంటే, ఒక ప్రశ్నే అనుకోవచ్చు, కానీ సాంబార్ మీదే అనుమానం ఉంటే విడగొట్టాల్సిందే. "రేటుకి తగ్గట్టు ఉందా" అన్నది కూడా ఒక ప్రశ్నే, అక్కడ అడిగేది గిట్టుబాటు గురించి.

కామా లేకుండా వచ్చేవి మరీ కష్టం. "వేడివేడిగా వడ్డించిన భోజనం నచ్చిందా?" ఇందులో వేడిగా ఉందని మనమే ముందే తేల్చేశాం, చల్లారిన పప్పు తిన్నాయన ఏం వేయాలి చెప్పండి?

సరిచేయడానికి ఆ హోటల్ కార్డే తీసుకుందాం. మొదటిది "ఈ పూట తిన్న కూరలు రుచిగా ఉన్నాయా?" రెండోది "మారు అడిగినప్పుడు త్వరగా తెచ్చారా?" దీని పక్కన "మారు అడగలేదు" అని ఒక గడి తప్పనిసరి, లేకపోతే అడగనివాళ్ళు కూడా ఏదో ఒక నంబర్ వేసేస్తారు. ఇలా విడగొడుతూ పోతే కార్డు పొడుగైపోతుంది, చేయి కడుక్కుని వెళ్ళిపోయే మనిషి పది ప్రశ్నలు నింపడు. అందుకని ప్రతి ప్రశ్న దగ్గరా "మార్కు తక్కువొస్తే నేను రేపు ఏం మారుస్తాను?" అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి, జవాబు లేదంటే ఆ ప్రశ్న కొట్టేయండి. పార్కింగ్ స్థలం మీ చేతిలో లేనప్పుడు దాని మార్కు మీకెందుకు!

ప్రింటుకి ఇచ్చే ముందు నలుగురైదుగురు రోజూ వచ్చే కస్టమర్లతో నింపించి, "ఏమనుకుని ఈ నంబర్ వేశారండీ" అని అడగండి. "రుచి ఓకే గానీ..." అని మొదలుపెట్టారంటే ఆ "గానీ" వెనకున్నదే రెండో ప్రశ్న.

ఇంకోటి, కొత్త కార్డు వచ్చాక రుచి మార్కు 4 వస్తే, పాత 3 మీద పెరిగిందని సంబరపడకండి, పాత 3 రుచి మార్కు కాదు కదా, రెండూ పోల్చకూడదు. ఆ ఓనర్ గారికీ ఇదే చెప్పాను, అప్పటికే మాస్టర్ ఊరు మారిపోయాడు. మీ హోటల్ కార్డులు తెచ్చుకున్నవాళ్ళు ఇటు ముందుకు రండి, మొదటి ప్రశ్న నుంచి కలిసి చూద్దాం.