మూడు ఇండికేటర్లు ఒకే మాట చెబితే అది కన్ఫర్మేషనా?

నమస్కారం అండీ. ఈ మధ్య చాలామంది చార్ట్ స్క్రీన్‌షాట్లు పంపిస్తున్నారు. పైన క్యాండిల్స్, కింద మూడు కిటికీల్లో ధర జోరు కొలిచే మూడు ఇండికేటర్లు: ఆర్‌ఎస్‌ఐ, స్టొకాస్టిక్, విలియమ్స్ ఆర్. వాటి కింద ఒకటే ప్రశ్న: "మూడూ ఓవర్‌బాట్ చూపిస్తున్నాయి, అంటే ధర అతిగా పెరిగిందని, ఇక అమ్మేయొచ్చు కదా?"

మూడు చెబితే మూడు రెట్లు నమ్మకం అన్న ఆ లెక్క దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. ఒక్క ఇండికేటర్ చూసినవాడు కాస్త భయపడి తక్కువ క్వాంటిటీ పెడతాడు. మూడు చూసినవాడు ధైర్యంగా ఎక్కువ పెడతాడు. అతనికి కొత్తగా తెలిసిందేమీ లేదు, పెరిగింది ధైర్యం ఒక్కటే.

జ్వరం వచ్చిన మనిషి నోట్లో మూడు థర్మామీటర్లు పెట్టారనుకోండి. ఒకటి 38 డిగ్రీల సెల్సియస్ అంది, రెండోది 100.4 ఫారెన్‌హీట్ అంది, మూడోది కాస్త నిదానంగా ఎక్కి అదే చోట ఆగింది. జ్వరం మూడుసార్లు రుజువైందని ఎవరైనా అంటారా? ఈ వీడియో అంతా ఈ థర్మామీటర్లతోనే నడుస్తుంది, గుర్తుంచుకోండి.

ముందు సెల్సియస్, ఫారెన్‌హీట్ జంటను చూద్దాం. స్టొకాస్టిక్, విలియమ్స్ ఆర్ అచ్చంగా అలాంటివే. మాటవరసకు అనడం లేదు, లెక్క చేసి చూపిస్తాను.

[స్క్రీన్‌పై]

```
%K = 100 × (క్లోజ్ − లో) / (హై − లో)
%R = −100 × (హై − క్లోజ్) / (హై − లో)
```

ఒక షేర్ తీసుకుందాం. గత 14 రోజుల్లో హై 1040, లో 960. ఈరోజు క్లోజ్ 1024. రేంజ్ 80 రూపాయలు. క్లోజ్ అడుగు నుంచి 64 రూపాయలు పైన ఉంది. 64ని 80తో భాగిస్తే స్టొకాస్టిక్ 80 వస్తుంది. అదే క్లోజ్ పైకప్పు నుంచి 16 రూపాయలు కింద ఉంది. 16ని 80తో భాగించి మైనస్ గుర్తు పెడితే విలియమ్స్ ఆర్ మైనస్ 20.

స్టొకాస్టిక్ 80లోంచి 100 తీసేస్తే మైనస్ 20. రేపు క్లోజ్ 1010కి దిగి, హై, లో మారలేదనుకోండి. స్టొకాస్టిక్ 62.5, విలియమ్స్ మైనస్ 37.5. మళ్లీ తేడా సరిగ్గా 100. ఏ షేర్ తీసుకున్నా, ఏ రోజు తీసుకున్నా ఇంతే. ఒకటి అడుగు నుంచి కొలుస్తుంది, రెండోది పైకప్పు నుంచి కొలుస్తుంది, గది మాత్రం ఒకటే. ఓవర్‌బాట్ గీతలు కూడా చూడండి: అక్కడ 80, ఇక్కడ మైనస్ 20. కాబట్టి రెండూ ఒకే క్షణంలో దాటుతాయి, దాటకుండా ఉండలేవు.

"మరి నా చార్ట్‌లో గీతలు వేరుగా ఉన్నాయే" అంటారు. స్లో స్టొకాస్టిక్‌లో ఆ గీతకు మూడు రోజుల సగటు తీస్తారు, అందుకే నున్నగా కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్మూతింగ్ 1 పెట్టండి, రెండింటికీ పీరియడ్ 14 ఉంచండి. ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు సరిపోతాయి. నిదానంగా ఎక్కే మూడో థర్మామీటర్ అన్నాను కదా, స్మూతింగ్ చేసే పని అదే.

ఇప్పుడు ఆర్‌ఎస్‌ఐ. దీనికి న్యాయం చేయాలి, ఇది నకలు కాదు. 1978లో వెల్లెస్ వైల్డర్ ఇచ్చిన ఈ లెక్కకు హై, లోలతో పనే లేదు. క్లోజ్ నుంచి క్లోజ్‌కి, మొత్తం 14 రోజుల మీద సగటు పెరుగుదల ఎంత, సగటు తగ్గుదల ఎంత అని మాత్రమే చూస్తుంది. తేడా ఎక్కడ బయటపడుతుందో మన షేర్‌లోనే చూద్దాం. క్లోజ్ అదే 1024 అయి, మధ్యాహ్నం ఒక్కసారి 1060 దాకా ఎగిరి వెనక్కి వచ్చిందనుకోండి. రేంజ్ 100 అయింది కాబట్టి స్టొకాస్టిక్ 80 నుంచి 64కి పడుతుంది. ఆర్‌ఎస్‌ఐకి మాత్రం అసలు తెలియదు, అది క్లోజ్ ఒక్కటే చూసింది. అంటే పొడుగు విక్ ఉన్న రోజున రెండూ వేరే మాట చెప్పగలవు. ఆ కాస్త సమాచారం నిజమే. కానీ ఆ విక్ మీకు క్యాండిల్‌లోనే కనిపిస్తోంది కదా! మిగతా రోజుల్లో రెండూ అడిగే ప్రశ్న ఒకటే: ఈ రెండు మూడు వారాల్లో ధర ఎంత జోరుగా కదిలింది?

ఒకే నోట్లో పెట్టినవన్నీ తప్పు కూడా కలిసే చేస్తాయి. రోగి వేడి టీ తాగి వచ్చాడనుకోండి, మూడు థర్మామీటర్లూ కలిసి జ్వరం అంటాయి. మార్కెట్లో ఆ వేడి టీ పేరు బలమైన ట్రెండ్. 2020 నవంబర్ గుర్తు తెచ్చుకోండి. నిఫ్టీ సుమారు 11,600 దగ్గర మొదలై నెలాఖరుకి 12,900 దాటింది. దారిలో ఓవర్‌బాట్ చాలాసార్లు వచ్చింది. డిసెంబర్ ఆఖరి రోజున 14,000 తాకింది. మూడూ చెప్పాయని షార్ట్ చేసినవాళ్లకు నాలుగో ఆసిలేటర్ పెట్టుకున్నా ఒరిగేదేమీ లేదు.

నమ్మకం లెక్క కూడా చూద్దాం. ఒక సిగ్నల్ పదిలో ఆరుసార్లు సరైనదనుకోండి. నిజంగా ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు అలాంటి సిగ్నళ్లు ఒకే మాట చెబితే, పెరగడం, తగ్గడం సమాన అవకాశాలని మొదలుపెట్టినా, సరైనదయ్యే అవకాశం 77 శాతానికి చేరుతుంది. అదే ఒకే సిగ్నల్ మూడు పేర్లతో వస్తే? 60 దగ్గరే ఉంటుంది. మీరు 77 అనుకుని క్వాంటిటీ పెట్టారు, చేతిలో ఉన్నది 60.

టైమ్ దగ్గర పడుతోంది, మిగతాది త్వరగా చెప్పేస్తాను. థర్మామీటర్ ఒకటి చాలు, తర్వాత నాడి చూడండి, రక్త పరీక్ష చేయించండి. ధర కాని దాన్ని కొలిచేది వాల్యూమ్. షేర్లలో అయితే ఎన్‌ఎస్‌ఈ రోజూ ఇచ్చే డెలివరీ శాతం ఉంది, ఫ్యూచర్స్‌లో ఓపెన్ ఇంటరెస్ట్ ఉంది. ఇవి నిజంగా వేరే డేటా. ఏటీఆర్ ధరలోంచే వస్తుంది, కానీ ఎటు అని కాక, ఎంత ఊగుతోంది అని అడుగుతుంది. ఏడీఎక్స్ ట్రెండ్ బలం చెబుతుంది, అంటే రోగి టీ తాగాడా లేదా అన్నది.

దొంగ జంటలు ఇంకో రెండు. ఈఎంఏ అంటే కొత్త రోజులకు ఎక్కువ బరువిచ్చే సగటు. 12, 26 రోజుల ఈఎంఏల క్రాసోవర్, ఎంఏసీడీ సున్నా గీత దాటడం: రెండూ ఒకటే, ఎందుకంటే ఎంఏసీడీ అంటేనే ఆ రెండింటి తేడా. ఇంకొకటి, 14 రోజుల ఆర్‌ఎస్‌ఐ 50 పైన ఉండటం అంటే క్లోజ్ 27 రోజుల ఈఎంఏ పైన ఉన్నట్టే. వైల్డర్ స్మూతింగ్‌లో ఈరోజుకు వచ్చే వాటా 14లో ఒకటి, 27 రోజుల ఈఎంఏలోనూ అంతే. చార్ట్ మీద పెట్టి చూడండి, కలిసే దాటుతాయి.

మీ సొంత జంటను పరీక్షించాలంటే రెండు ఇండికేటర్ల ఏడాది విలువలు షీట్‌లో పక్కపక్కన పెట్టండి.

```
=CORREL(B2:B251,C2:C251)
```

స్మూతింగ్ లేని స్టొకాస్టిక్, విలియమ్స్ పెడితే సరిగ్గా 1 వస్తుంది. మీ జంటకు 0.9 దాకా వస్తే ఒకటి తీసేయండి. మైనస్ 0.9 వచ్చినా అంతే, అది తలకిందులుగా పెట్టిన అదే థర్మామీటర్. తక్కువ వచ్చినంత మాత్రాన రెండోది పనికొస్తుందని కాదు, ఏ పనికీ రాని గీతకు కూడా తక్కువే వస్తుంది. ఆ రెండోది చేర్చిన ట్రేడ్లు, చేర్చని ట్రేడ్లు విడివిడిగా రాసి, ఖర్చులు పోగా ఏవి మిగిల్చాయో చూడాలి. ఆ షీట్ ఎలా కట్టాలో వచ్చే వీడియోలో చూపిస్తాను.