సబ్‌స్క్రిప్షన్ ఆగింది, మరి అకౌంట్?

మారతహళ్లి పీజీలో ఉండే ఒకమ్మాయి అడిగింది: “అన్నా, డేటింగ్ యాప్‌లో పెయిడ్ ప్లాన్ క్యాన్సిల్ చేసి, యాప్ కూడా తీసేశాను. అయినా మా ఆఫీసులో ఒకతనికి నా ప్రొఫైల్ కనిపించిందట. ఎలా?”

మీరు ఆపింది డబ్బు కట్టడం మాత్రమేనండి. ప్లే స్టోర్‌లో క్యాన్సిల్ చేస్తే వచ్చే నెల డబ్బు కట్ అవ్వదు, అంతే. గడువు అయ్యాక ఆ అకౌంట్ ఉచిత అకౌంట్‌గా నడుస్తూనే ఉంటుంది. ఫోటోలు, చాట్‌లు కంపెనీ సర్వర్‌లో ఉంటాయి కాబట్టి, యాప్ తీసేస్తే ఖాళీ అయ్యేది మీ ఫోనే.

ఇప్పుడు యాప్ మళ్లీ వేసుకుని లాగిన్ అవ్వండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మొదట గూగుల్‌తో చేరి, ఇప్పుడు ఫోన్ నంబర్‌తో వెళ్తే కొన్ని యాప్‌లు కొత్త అకౌంట్ తెరిచేస్తాయి. మీరు ఆ ఖాళీ అకౌంట్‌ని డిలీట్ చేసి హాయిగా పడుకుంటారు, పాతది అలాగే ఉంటుంది. మీ పాత ఫోటోలు, చాట్‌లు కనిపిస్తేనే సరైన అకౌంట్ అని లెక్క.

తర్వాత సెట్టింగ్స్‌లో, సాధారణంగా అట్టడుగున, Delete account ఉంటుంది. అది నొక్కగానే “కొన్నాళ్లు దాచుకోండి, పాజ్ చేయండి” అని యాప్ బతిమాలవచ్చు. పాజ్ చేస్తే కొత్తవాళ్లకు కనిపించరు, కానీ డేటా మొత్తం అక్కడే. చివరి కన్ఫర్మేషన్ దాకా వెళ్లండి. యాప్ మళ్లీ వేసుకోవడం ఇష్టం లేదా? ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలో Data safety చూడండి. అకౌంట్ తెరవనిచ్చే యాప్ వెబ్‌లో డిలీట్ చేసే దారి కూడా ఇవ్వాలని గూగుల్ రూల్ పెట్టింది.

మిగతావాళ్లకో మాట. ప్లాన్ ఆపకుండా ముందే అకౌంట్ డిలీట్ చేయకండి. బిల్లు గూగుల్ దగ్గరో ఆపిల్ దగ్గరో ఉంటుంది కాబట్టి, అకౌంట్ పోయినా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది.

డిలీట్ నొక్కాక కూడా డేటా ఆ క్షణమే పోదు. సేఫ్టీ విచారణల కోసం మూడు నెలలు ఉంచుకుంటామని టిండర్ తన పాలసీలోనే రాసుకుంది. ఇన్‌స్టాగ్రామ్ అయితే 30 రోజులు ఆగి తుడవడం మొదలుపెడుతుంది, మొత్తం పోవడానికి 90 రోజుల దాకా పట్టొచ్చు. పోయిందో లేదో చూద్దామని ఆ 30 రోజుల్లో లాగిన్ అయ్యి కొనసాగారంటే డిలీషన్ రద్దయిపోతుంది. చూడాలంటే వేరేవాళ్ల అకౌంట్ నుంచి వెతికించండి.

ఉద్యోగం మారి బెంగళూరు సిమ్ వదిలేసేవాళ్లు ఈ పనంతా నంబర్ చేతిలో ఉండగానే చేసుకోండి. ఆపేసిన నంబర్‌ని కంపెనీలు 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు ఓటీపీ వెళ్లేది వాళ్లకి, తెరుచుకునేది మీ ప్రొఫైల్.