కావేరి అంటే నీళ్ళనుకున్నాను

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పీజీలో దుప్పటి కప్పుకుని పడుకోకుండా ఇంతమంది వచ్చారంటే కారణం టిఫిన్ ఒక్కటే కాదని నాకు తెలుసు. మీలో ఎక్కువమంది ఈ జనవరిలో ఇంటర్న్‌షిప్‌లో చేరారు, ఇంకా నెల నిండలేదు, పక్క సీట్లో వాళ్ళంతా ఏదో పుట్టుకతోనే కోడింగ్ నేర్చుకుని వచ్చినట్టు కనిపిస్తున్నారు, మిమ్మల్ని మాత్రం పొరపాటున తీసుకున్నారేమోనని, ఎవరో ఒకరోజు వచ్చి "బాబూ నువ్వు కాదు, వేరే అబ్బాయి" అంటారేమోనని భయం. అర్హత లేకుండా చేరామన్న ఈ భయాన్నే ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటున్నారు. నాకూ అదే ఉండేది. అందుకని ఎవరో చెప్పింది కాకుండా నాకు జరిగిందే చెబుతాను.

పదేళ్ళ కిందటి మాట. పీజీ మారతహళ్ళిలో, ఆఫీసు బెళ్ళందూరు దగ్గర. కంపెనీ పేరు అనవసరం. చేరిన ఆరో రోజు పొద్దున మీటింగ్‌లో ఒకాయన "రాత్రి నుంచి కావేరి కనెక్షన్ పడిపోతోంది" అన్నాడు. అందరూ సీరియస్‌గా తలలూపారు. బెంగళూరులో కావేరి కనెక్షన్ అంటే ఎవరైనా ఏమనుకుంటారు? బిల్డింగ్‌లో నీళ్ళు రావట్లేదు కాబోలు అనుకుని నేను బాటిల్ నింపుకుని వచ్చి కూర్చున్నాను. కావేరి అంటే వాళ్ళ పేమెంట్ సర్వీసుకి పెట్టుకున్న పేరని నాలుగు రోజుల తర్వాత తెలిసింది. ఆ నాలుగు రోజులూ మీటింగ్‌లో నాకు సగం అర్థమయ్యేది కాదు, అర్థం కానిదంతా నా తెలివితక్కువతనం ఖాతాలో రాసుకుంటూ పోయాను.

అసలు దెబ్బ రెండో వారంలో తగిలింది. అప్లికేషన్‌ని నా లాప్‌టాప్‌లో నడపాలి, అంతే పని. డాకర్‌లో పెట్టి నడిపితే ప్రతిసారీ ఇదే వచ్చేది:

```
connect ECONNREFUSED 127.0.0.1:5432
```

5432 అంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పోర్టు. డేటాబేస్ చూస్తే నడుస్తూనే ఉంది. మరి కనెక్షన్ ఎందుకు ఒప్పుకోవట్లేదు? మూడు రోజులు కూర్చున్నాను. పోస్ట్‌గ్రెస్ తీసేసి మళ్ళీ వేశాను, పాస్‌వర్డ్ మార్చాను, ఒక రాత్రి రెండింటి దాకా ఏవో పాత పోస్టులు చదివాను. ఎవరైనా వెనక నుంచి వస్తుంటే టెర్మినల్ మూసేసి ఏదో కోడ్ ఫైల్ తెరిచి పెట్టేవాణ్ణి, అదొక పని. నాతోపాటు చేరిన పక్క సీటు అబ్బాయి మొదటి వారంలోనే సెటప్ పూర్తిచేసి, మౌస్ ముట్టుకోకుండా కీబోర్డు మీదే టకటకా పని చేసుకుంటున్నాడు. వాణ్ణి చూస్తే కడుపులో దేవినట్టు ఉండేది.

నాలుగో రోజు మా మెంటార్ తనే నా దగ్గరికి వచ్చింది. అనంతపురం ఆవిడ, మేమంతా అక్కా అనే పిలిచేవాళ్ళం. స్క్రీన్ చూసి, "ఎన్ని రోజుల్నుంచి కూర్చున్నావు దీని మీద?" అంది. నిన్నటి నుంచి అని అబద్ధం చెప్పాను. ఆవిడ ఒక లైను మార్చింది:

```
DB_HOST=db
```

అంతకుముందు అక్కడ `localhost` అని ఉంది. అప్లికేషన్ ఒక కంటైనర్‌లో, డేటాబేస్ ఇంకో కంటైనర్‌లో నడుస్తున్నాయి. కంటైనర్ లోపల నుంచి లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, దానిలో డేటాబేస్ లేదు, అందుకే తలుపు కొట్టినా ఎవరూ పలకలేదు. కంపోజ్ ఫైల్‌లో డేటాబేస్‌కి ఏ పేరు పెట్టారో ఆ పేరుతో పిలవాలి. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. "ఇది అందరికీ వస్తుందిరా, రీడ్‌మీలో రాయాలి అనుకుంటూనే ఉన్నాం, ఎవరూ రాయలేదు" అంది.

ఆ సాయంత్రం టీ దగ్గర పక్క సీటు అబ్బాయిని అడిగాను, నీకు ఆ ఎర్రర్ రాలేదా అని. "వచ్చింది కదా, మా కాలేజీ సీనియర్ ఒకన్న ఈ టీమ్‌లోనే ఉన్నాడు, పది నిమిషాలు చూసి ఆయన్ని అడిగేశాను" అన్నాడు. నేను వారం రోజులుగా వాడి తెలివి అనుకుని కుళ్ళుకున్నది, వాడికి అడగడానికి ఒక అన్న ఉండటం!

ఇక్కడ కాస్త ఆగుదాం. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు ఈ ఇంపోస్టర్ భయం గురించి మొదటిసారి రాశారు. వాళ్ళు దాన్ని సిండ్రోమ్ అనలేదు, ఫినామినన్ అన్నారు. ఇది జబ్బుల జాబితాలో ఉన్న జబ్బు కాదు. వాళ్ళు చూసింది చదువుల్లో, ఉద్యోగాల్లో అప్పటికే పైకొచ్చిన ఆడవాళ్ళని. డిగ్రీలూ మెచ్చుకోళ్ళూ చేతిలో ఉండి కూడా, ఇదంతా అదృష్టం, అందర్నీ ఎలాగో నమ్మించాం అనుకునేవాళ్ళు. ఇంటర్న్‌కి ఈ మాట సగమే సరిపోతుందని నా అభిప్రాయం. ఎందుకంటే మనకి నిజంగానే తెలియదు! మొదటి నెలలో "నాకు తెలియదు" అన్నది పచ్చి నిజం. దాని వెనకే తోకలా వచ్చే "తెలిసినట్టు మోసం చేసి చేరాను" అన్నదే అబద్ధం. ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఇంటర్న్ అని తెలిసే తీసుకున్నారు, మీ రెజ్యూమేలో అబద్ధాలు రాయకపోతే మోసపోయినవాడు ఎవడూ లేడు.

ఇక ఆ తెలియనిదంతా ఒకే రకం కాదు. సెటప్ గొడవ తర్వాత నేను నోట్‌బుక్కు తీసి, మొదటి పదిరోజుల మీటింగుల్లో అర్థంకాక రాసుకున్న మాటల్ని విడదీసి చూశాను. మొత్తం పద్నాలుగు. అందులో తొమ్మిది కావేరి లాంటివే, ఆ ఆఫీసు వాళ్ళు తమ సర్వీసులకీ రిపోర్టులకీ పెట్టుకున్న పేర్లు. రెండు కస్టమర్ల పేర్లు. బయట ఏ కంపెనీకి వెళ్ళినా ఉపయోగపడేవి, నేను కూర్చుని నేర్చుకోవాల్సినవి మూడే మూడు. ఆ పదకొండూ తెలియకపోవడం, కొత్త ఇంటికొచ్చిన కోడలికి పోపులపెట్టె ఎక్కడుందో తెలియకపోవడం లాంటిది. అంతమాత్రాన వంట రానట్టు కాదు.

విడదీయడానికి నేను వాడేది ఒకటే ప్రశ్న: ఇక్కడ గొప్పగా కనిపిస్తున్న మనిషిని రేపు వేరే కంపెనీలో మొదటి రోజు కూర్చోబెడితే, ఈ సంగతి ఆయనకి తెలుస్తుందా? తెలియదంటే అది ఆ ఇంటి సంగతి. ఇంటి సంగతి ఎంత ఆలోచించినా తట్టదు, ఏ పుస్తకంలోనూ ఉండదు, ఎవరినైనా అడిగితేనే వస్తుంది. ఈ భయమేమో సరిగ్గా ఆ అడగడం దగ్గరే మన నోరు నొక్కుతుంది. అడగం కాబట్టి తెలియదు, తెలియదు కాబట్టి వెనకబడతాం, వెనకబడ్డాం కాబట్టి చూశావా నేను అనుకున్నదే నిజం అనిపిస్తుంది. నా మూడు రోజులూ అలా పోయినవే.

అందుకని, సెటప్, పర్మిషన్లు, ఏ ఫైల్ ఎక్కడుంది ఇలాంటివాటి మీద అరగంట, మహా అయితే గంట కూర్చోండి, తర్వాత అడిగేయండి. మీరు రాసిన లాజిక్ పనిచేయకపోతే మాత్రం పూట గడిచినా ఫర్వాలేదు, అక్కడ తలబద్దలు కొట్టుకోవడమే చదువు. అడిగేటప్పుడు "అక్కా, పనిచేయట్లేదు" అని పంపితే ఆవిడేం చేస్తుంది పాపం. ఆఫీసులో ఇంగ్లీషులోనే రాస్తారు, నేను తెలుగులో చెబుతున్నాను: "అప్లికేషన్‌ని డాకర్‌లో నడపాలని చూస్తున్నాను. డేటాబేస్ కనెక్షన్ దగ్గర ఈ ఎర్రర్ వస్తోంది. డేటాబేస్ నడుస్తోంది, నా లాప్‌టాప్ నుంచి నేరుగా కనెక్ట్ అవుతోంది, అప్లికేషన్ నుంచే అవ్వట్లేదు. హోస్ట్ పేరులో తేడా ఉందేమోనని అనుమానం." ఇంతే, నాలుగైదు వాక్యాలు. చిత్రమేమిటంటే ఇది రాస్తున్నప్పుడే సగంసార్లు జవాబు దొరుకుతుంది. నేను ఆ మొదటి రోజే ఇలా రాసి ఉంటే, నేరుగా అయితే కనెక్ట్ అవుతోంది కదా అన్నది నాకే తట్టేది.

మీటింగ్‌లో అందరి ముందూ అడగాలంటే నోరు రాదు, తెలుసు. నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంగ్లీషులో వాక్యం మనసులో కట్టుకునేలోపు టాపిక్ మారిపోయేది. నేను పొద్దున చెప్పాల్సిన మూడు వాక్యాలూ ముందే రాసుకుని వెళ్ళేవాణ్ణి. అడగాల్సినవి మీటింగ్ అయ్యాక చాట్‌లో అడిగేవాణ్ణి. ఇప్పటికీ పెద్ద మీటింగ్ అయితే రాసుకునే వెళ్తాను.

మరి, ఈ భయం నిజమైతే? నిజంగానే నాకు పని రాకపోతే? ఇది దాటవేయకూడని ప్రశ్న. దానికి కోడ్ రివ్యూ చూడండి. నా మొదటి కోడ్‌కి పంతొమ్మిది కామెంట్లు వచ్చాయి. ఎర్రగా కనిపించిన ఆ పేజీ చూసి బాత్రూమ్‌కి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. తర్వాత లెక్కపెడితే పన్నెండు, పేర్లు వాళ్ళ పద్ధతిలో పెట్టమని. నాలుగు, ఈ పనికి మా దగ్గర ఫంక్షన్ ముందే ఉంది అని. అంటే పదహారు ఇంటి సంగతులే. మూడు మాత్రం నావి: ఖాళీ లిస్ట్ వస్తే ఏమవుతుందో చూడలేదు, అంతా సరిగా జరిగితే అన్నదానికే టెస్టులు రాశాను, ఇంకా లూప్ లోపల క్వెరీ పెట్టాను. ఆ లూప్ వల్ల రెండొందల ఆర్డర్లుంటే డేటాబేస్‌ని రెండొందల ఒక్కసారి అడుగుతున్నాం, లిస్టుకొకటి, ఒక్కో ఆర్డర్‌కి ఒక్కొక్కటి. రెండో కోడ్‌లో మొదటి రెండూ రాలేదు, లూప్ తప్పు మళ్ళీ వచ్చింది. అదే కామెంట్ రెండోసారి వచ్చిందంటే అది భయం కాదు, లోటు. ఒక శనివారం కూర్చుని జాయిన్లు నేర్చుకున్నాను, మూడోదానిలో రాలేదు. కామెంట్లు ఎన్ని అన్నది వదిలేసి ఏవి తిరిగొస్తున్నాయో చూసుకోండి.

ఇదంతా జవాబిచ్చే మనుషులున్న టీమ్‌లో పనికొచ్చే మాట. సరిగ్గా రాసి అడిగినా రెండేసి రోజులు ఎవరూ పలకకపోయినా, అడిగితే ఎగతాళి చేసినా, లోపం మీలో వెతక్కండి, మేనేజర్‌కో కాలేజీ ప్లేస్‌మెంట్ సార్‌కో చెప్పండి. రెండు వారాలుగా నిద్ర లేదు, తిండి సయించట్లేదు, ఆఫీసు పేరెత్తితేనే గుండె దడ అంటే నా ఉపన్యాసం చాలదు. టెలీ మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. మన బెంగళూరులోనే నిమ్‌హాన్స్ ఆసుపత్రి ఉంది.

చివరగా ఆ రీడ్‌మీ సంగతి. అక్క చేత చెప్పించుకున్న మర్నాడు నేనే అందులో ఒక లైను రాశాను, డాకర్‌లో నడిపితే హోస్ట్ పేరు `db` అని పెట్టండి, `localhost` కాదు అని. ఆ కంపెనీలో నేను చేసిన మొదటి పని అదే, అప్పటికి చాలా చిన్నగా అనిపించింది. పై ఏడాది జనవరిలో కొత్తగా ఒకమ్మాయి చేరింది, మొదటి రోజు మధ్యాహ్నానికే సెటప్ పూర్తిచేసేసింది. తనతో చేరిన అబ్బాయి టీ దగ్గర దిగాలుగా నా దగ్గరికొచ్చి, "అన్నా, ఆ అమ్మాయి మామూలుది కాదన్నా, నాకైతే ఇంకా ఏదో కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటోంది" అన్నాడు.